పార్సెల్ తీసుకునేది ఎవరు?

సందేహం: మాది విజయవాడలో చిన్న కొరియర్ ఆఫీసు. ఇంటి దగ్గర పికప్ బుక్ చేసుకున్న కస్టమర్లకు ముందురోజు ఇలా మెసేజ్ పంపుతున్నాం: “రేపు 10 నుండి 1 గంట లోపు మీ పార్సెల్ పికప్ చేయబడును. పార్సెల్ తీసుకొనుటకు సిద్ధంగా ఉండగలరు. వస్తువులను డబ్బాలో పెట్టి టేపు వేయకుండా ఉంచగలరు. మీరు లేనిచో పికప్ రద్దు చేయబడును.” ఇంత వివరంగా రాసినా అనుమానాలతో ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తప్పెక్కడుంది? ‘పికప్’ బదులు తెలుగు మాట పెట్టాలా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ‘పికప్’ జోలికి వెళ్లకండి. మీ కస్టమర్లు ఆ మాటతోనే బుక్ చేసుకున్నారు. దాన్ని తీసేసి ‘స్వీకరణ’ అని పెడితే ఫోన్లు ఇంకా పెరుగుతాయి. చిక్కంతా దాని చుట్టూ ఉన్న తెలుగుతోనే.

ముందు రెండో వాక్యం సంగతి చూద్దాం. ‘చదవడానికి సిద్ధంగా ఉన్నాడు’ అంటే సిద్ధంగా ఉన్నవాడే చదువుతాడు. చేసేవాళ్లెవరో విడిగా చెప్పకపోతే, ‘-డానికి’, ‘-టకు’ చేరిన పని కూడా ప్రధాన క్రియ ఎవరిదో వాళ్లదే అవుతుంది. మీ వాక్యంలో సిద్ధంగా ఉండాల్సింది కస్టమరు. కాబట్టి పార్సెల్ తీసుకునేదీ కస్టమరే! హైదరాబాద్‌లో ఉన్న కూతురికి ఆవకాయ పంపుదామని బుక్ చేసుకున్నావిడ ఇది చదివి, తనకే ఏదో వస్తోందనుకుంటే తప్పు ఆవిడది కాదు. మొదటి వాక్యం ఆదుకుంటుందా అంటే అదీ లేదు. ‘పికప్ చేయబడును’లో పని ఉంది కానీ మనిషి లేడు. మీవాళ్లు ఇంటికి వస్తారో, తానే ఆఫీసుకు రావాలో దాన్నిబట్టి తెలియదు.

“మావాళ్లు మీ ఇంటికి వచ్చి పార్సెల్ తీసుకెళ్తారు” అనండి. ఎవరు, ఎక్కడికి, వస్తువు ఎటు పోతుంది అన్న మూడూ ‘వచ్చి’, ‘తీసుకెళ్తారు’ అన్న రెండు క్రియల్లోనే తేలిపోతాయి. ‘మావాళ్లు’ అన్నారు కదా అని నలుగురు దిగుతారని ఎవరూ అనుకోరు.

ఇక సమయం. ‘లోపు’ ఒక్క కొసనే చెబుతుంది, ఆ గడువు దాటదని. ‘10 నుండి’ అని మొదలుపెడితే దానికి జత ‘వరకు’. కానీ ‘వరకు’ సాగుతూ ఉండే పనికి సరిపోతుంది: బ్యాంకు పది నుంచి నాలుగు వరకు తెరిచి ఉంటుంది. మీవాళ్లు మూడు గంటలపాటు పార్సెల్ తీసుకుంటూ కూర్చోరు, ఆ మూడు గంటల్లో ఎప్పుడో ఒకసారి వస్తారు. అలాంటిదానికి ‘మధ్య’ అన్నదే మాట.

దానికంటే పెద్ద చిక్కు ఆ ‘1 గంట’. నోటితో అంటే గోల లేదు. గడియారం చూపేది ఒంటిగంట, అరవై నిమిషాలు ఒక గంట. అంకె వేసేసరికి ఆ తేడా పోయింది. మెసేజ్‌ను పదకొండున్నరకు తెరిచిన మనిషి ‘1 గంట లోపు’ను పన్నెండున్నర లోపల అని చదవచ్చు. రెండింటితో ముగిసే స్లాటుకూ ఇదే గతి. ‘2 గంటల లోపు’ అంటే ఇప్పటినుంచి రెండు గంటల్లోనా, రెండింటికల్లానా? అందుకని గడియారపు వేళలను అక్షరాల్లో, ‘పదింటికి ఒంటిగంటకు మధ్య’ అని రాయడం మేలు. ‘రేపు’ కూడా తీసేయండి. రాత్రి పంపినదాన్ని పొద్దున చదివేవాళ్లుంటారు, వాళ్ల రేపు ఒక రోజు జరుగుతుంది. తేదీ, వారం వేస్తే సరి.

డబ్బా వాక్యంలో ఉన్నది వ్యాకరణం చదివేవాళ్లకు బాగా పరిచయమైన ముడి. ‘-ఇ’తో ముగిసే అసమాపక క్రియ ముందుండి చివర వ్యతిరేకం వస్తే, ఆ ‘కాదు’ ఎంతవరకు పాకుతుందో చెప్పలేం. ‘వాడు వచ్చి తినలేదు’ అంటే వచ్చాడు కానీ తినలేదనీ కావచ్చు, అసలు రానేలేదనీ కావచ్చు. ‘డబ్బాలో పెట్టి టేపు వేయకుండా’ కూడా అంతే. ఒకరు డబ్బాలో సర్ది మూత తెరిచి ఉంచుతారు. ఇంకొకరు డబ్బాలోనూ పెట్టకుండా, టేపూ వేయకుండా జాడీలు బల్లమీద వరుసగా పేర్చి కూర్చుంటారు. మీవాడు వచ్చాక సర్దడం మొదలైతే తర్వాతి ఇంటికి ఆలస్యం. వాక్యాన్ని రెండుగా విరిచేయండి: “వస్తువులు డబ్బాలో సర్ది ఉంచండి. టేపు మాత్రం వేయకండి, మావాళ్లు చూశాక వేస్తారు.” టేపు ఎందుకు వద్దన్నారో కూడా అందులోనే తెలిసిపోతుంది.

సిద్ధంగా ఉంచాల్సినవాటిలో అడ్రసు ఊసే లేదు. చేర్చండి, కానీ ఉత్త ‘అడ్రసు’ అనకండి. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాడికి తన అడ్రసే కావాలనుకుంటారు. ‘పార్సెల్ చేరాల్సిన అడ్రసు’ అనాలి.

‘మీరు లేనిచో’లో ‘మీరు’ గౌరవానికా, బహువచనానికా? బుక్ చేసినాయన ఆఫీసులో ఉండి, ఇంట్లో వాళ్లమ్మ ఉంటే సరిపోతుందా? మీకు సరిపోతుంది, కానీ మెసేజ్ ఆ మాట చెప్పదు. ‘నేను సెలవు పెట్టాలా అండీ’ అన్న ఫోన్లు ఇందువల్లే. ‘పికప్ రద్దు’ కూడా తేలలేదు. ఆ రోజు రాకపోవడమా, బుకింగే పోవడమా? ఈ రెండో అర్థంతోనే జనానికి టెన్షన్. ‘ఉండగలరు, ఉంచగలరు’ తప్పేమీ కాదు, ఆఫీసు కాగితాల మర్యాద అది. ‘ఉంచండి’లోనే కావలసినంత గౌరవం ఉందని నా అభిప్రాయం.

మొత్తం ఇలా రాయొచ్చు. రెండోసారి రావడం గురించిన నియమం మీ పద్ధతిని బట్టి మార్చుకోండి:

“మీ పార్సెల్ పికప్ జూలై 14, మంగళవారం. ఉదయం పదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు మధ్య మావాళ్లు మీ ఇంటికి వచ్చి తీసుకెళ్తారు. వస్తువులు డబ్బాలో సర్ది ఉంచండి. టేపు మాత్రం వేయకండి, మావాళ్లు చూశాక వేస్తారు. పార్సెల్ చేరాల్సిన అడ్రసు, పిన్‌కోడ్, అక్కడివారి ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఉంచండి. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటే చాలు. ఎవరూ లేకపోతే మర్నాడు అదే వేళకు మళ్లీ వస్తారు. అప్పుడు కూడా ఎవరూ లేకపోతే బుకింగ్ రద్దవుతుంది.”

వాట్సాప్‌లో అయితే ఇలాగే పంపండి. ఎస్సెమ్మెస్ అయితే పొడవు చూసుకోవాలి. ఇంగ్లీషు మెసేజ్‌కు 160 అక్షరాలుంటే తెలుగు లిపికి 70 మాత్రమే. అదీ గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కపెట్టి. మన కంటికి ఒక్కటిగా కనిపించే ‘స్త్రీ’ అక్కడ 6. డెబ్భై దాటితే 67 చొప్పున ముక్కలు చేసి, ముక్కకొక మెసేజ్‌గా లెక్క కడతారు. కుదించాల్సి వస్తే తేదీ, వేళ, ‘ఎవరో ఒకరు ఉంటే చాలు’, లేకపోతే ఏమవుతుంది అన్నవి ఉంచి, సర్దుడు సంగతులు బుకింగ్ అప్పుడే చెప్పేయండి. వాక్యాలు ఖాయం చేసుకున్నాక, వ్యాపార ఎస్సెమ్మెస్‌ల పాఠాలను ముందుగా నమోదు చేసే డీఎల్‌టీ వ్యవస్థలో టెంప్లేట్ మళ్లీ నమోదు చేయించండి. నమోదైన పాఠానికి తేడాగా ఉన్న మెసేజ్‌ను దారిలోనే ఆపేస్తారు.