ఫెయిలైన పేపరే రిపోర్టు: టైంటేబుల్ కంటే ముందు దాన్ని చదవండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. మా బాబుకు 17 ఏండ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఫిజిక్స్‌లో 60కి 17 వచ్చి ఫెయిలయిండు. రెండు రోజులు గది తలుపు తీయలేదు. తర్వాత రోజుకు 16 గంటలు చదువుతనని టైంటేబుల్ రాసి గోడకు అంటించిండు, మూడో రోజుకే వదిలేసిండు. ఇప్పుడు రాత్రి 3 దాకా ఫోన్ చూస్తున్నడు, పుస్తకం తెరిస్తే కడుపునొప్పి అంటున్నడు. వాళ్ల నాన్న రోజూ కోప్పడుతున్నరు. సప్లిమెంటరీ రాయించాల్నా, ముందు మీలాంటి వాళ్లకు చూపించాల్నా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, సప్లిమెంటరీ తప్పకుండా రాయించండి. అయితే పుస్తకం తెరిపించే ముందు ఈ రోజే ఒక విషయం తేల్చుకోవాలి. బాబు ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, కోపం గానీ ఏడుపు గానీ లేకుండా, ‘చచ్చిపోవాలని గానీ, నేను లేకుంటే బాగుండునని గానీ అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు జంకుతారు కానీ అది నిజం కాదు. మనసులో ఉన్నది బయటపెట్టే అవకాశం మాత్రమే దొరుకుతుంది. ఔనన్నా, మౌనంగా తల దించుకున్నా అతన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గానీ మానసిక వైద్యుడి దగ్గరికి గానీ తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అతను లేదన్నా సరే, పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లోనో కొట్టంలోనో ఉంటే వాటిని ఈ పూటే తాళంలో పెట్టి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి.

ఆ భయం లేదని తేలితే, మీరు చెప్పినవాటిలో చాలావరకు దెబ్బ తిన్న మనసు సహజంగా చూపించే లక్షణాలే. పుస్తకం తెరవగానే వచ్చే కడుపునొప్పి నటన కాదు. ఆందోళన మొదలైనప్పుడు పేగుల కదలిక మారుతుంది, కడుపు కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి నిజంగానే వస్తుంది. పుస్తకం మూసేస్తే అది తగ్గుతుంది కాబట్టి, మూసేయడమే మందన్న పాఠం శరీరం నేర్చుకుంటుంది. అందుకే మొదటి రోజుల్లో చదువు 20 నిమిషాలకు మించకూడదు, అది కూడా అతనికి బాగా వచ్చిన పాఠంతోనే మొదలుకావాలి. నొప్పి కొద్దిగా ఉన్నా ఆ 20 నిమిషాలు పూర్తయ్యాకే లేవాలి. పుస్తకం ముట్టని వేళల్లోనూ నొప్పి వస్తుంటే, నిద్రలో నొప్పి లేపుతుంటే, జ్వరం, వాంతులు, బరువు తగ్గడం వంటివి ఉంటే మాత్రం అది పరీక్షల భయమని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

నిద్ర విషయంలో తల్లిదండ్రులు సాధారణంగా పడుకునే వేళ మీద పోట్లాడతారు, నేను లేచే వేళ మీద పట్టుబట్టమంటాను. రాత్రి 3 గంటలకు నిద్రపోయే పిల్లవాణ్ని 10కే పడుకోమంటే మంచం మీద దొర్లుతాడు తప్ప నిద్రపోడు. మొదట 8 గంటలకు లేపి, రెండు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ, 6 దాకా తీసుకురండి. లేవగానే డాబా మీద ఎండ పొడలో పావుగంట తిరిగితే రాత్రి నిద్ర తనంతట తానే ముందుకు జరుగుతుంది. పగటి కునుకు అరగంట దాటనీయకండి, రాత్రి ఫోన్‌కు మీ గదిలో చార్జింగ్ పెట్టండి. ఈ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పగలు చదివినది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే కాబట్టి, నిద్ర తగ్గించి పెంచిన గంటలు లెక్కకు వస్తాయి గానీ మార్కులకు రావు.

ఇక చదువు సంగతి. మేము రోగిని పరీక్షించకుండా మందు రాయనట్టే, ఫెయిలైన పేపరును చూడకుండా టైంటేబుల్ రాయకూడదు. 16 గంటల టైంటేబుల్ మూడో రోజుకు పడిపోవడం బద్ధకం వల్ల కాదు. ఏది రాదో తెలియనప్పుడు అంతా చదవాలనిపిస్తుంది, అంతా చదవడం ఎవరికీ సాధ్యం కాదు. ఇప్పటి పద్ధతిలో ఫిజిక్స్ 60 మార్కుల పేపరులో రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదింటిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు రాయాలి. పాసు కావడానికి కావలసినవి 21. మీ బాబుకు తక్కువైనవి నాలుగు మార్కులు. మీ ఇంట్లో ఈ సంఖ్య ఎవరైనా పైకి పలికారో లేదో నాకు అనుమానమే.

గత వేసవిలో అచ్చంపేట వైపు నుంచి ఇదే స్థితిలో ఒక అమ్మాయి వచ్చింది (గుర్తుపట్టకుండా వివరాలు కొద్దిగా మార్చి చెబుతున్నాను). ఆమెకు ఫిజిక్స్‌లో 19 వచ్చాయి, ‘నాకు ఫిజిక్స్ రాదు సార్’ అన్నది తప్ప ఇంకో మాట లేదు. పరీక్ష రోజు ఇంటికి తెచ్చుకున్న ప్రశ్నపత్రం తీసుకురమ్మని, ఆమె రాయవలసిన 18 ప్రశ్నల పక్కన ఏం జరిగిందో ఒక్కో మాటలో రాయించాను. నాలుగు ప్రశ్నలు సరిగానే రాసింది. మిగిలిన 14లో అసలు చదవనివి మూడే. చదివినా హాలులో గుర్తురానివి ఏడు. తెలిసీ మార్కులు పోగొట్టుకున్నవి నాలుగు. కటక సామర్థ్యం నిర్వచనంలో నాభ్యంతరానికి విలోమం అని రాసి, నాభ్యంతరం మీటర్లలో ఉండాలన్న మాటను, డయాప్టర్ అన్న ప్రమాణాన్ని వదిలేసింది. వీట్‌స్టన్ బ్రిడ్జి బొమ్మ గీసి, ఏ భుజంలో ఏ నిరోధమో గుర్తించలేదు. పైగా మొదటి 50 నిమిషాలు ఒకే పెద్ద ప్రశ్నతో కుస్తీ పట్టి, చివర్లో రెండు మార్కుల ప్రశ్నలను పరుగున రాసింది.

ఈ మూడు రకాల తప్పులకు మందు వేర్వేరు. చదవని దాన్ని చదవాలి. తెలిసీ పోగొట్టుకున్న దాన్ని మళ్లీ చదివితే లాభం లేదు, జవాబు రాసి లెక్చరర్ చేత దిద్దించుకోవాలి. గుర్తురాని ఏడే అసలు జబ్బు, దానికి కారణం ఆమె చదివే తీరు. రంగు పెన్నుతో గీతలు గీస్తూ ఒకే పాఠాన్ని అయిదుసార్లు చదివేది. అలా చదివినప్పుడు అక్షరాలు పరిచయమై వచ్చినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూశాక తేలుతుంది వచ్చిందో లేదో. అందుకని గంటను మూడుగా విడగొట్టాం: అరగంట చదవడం, పుస్తకం మూసి 20 నిమిషాలు తెల్లకాగితం మీద రాయడం, 10 నిమిషాలు పుస్తకంతో పోల్చి తప్పిన చోట ఎర్ర సిరాతో దిద్దుకోవడం. అదే జవాబును మరునాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి చూడకుండా రాసేది. మొదటి వారం కాగితాలన్నీ ఎర్రబడ్డాయి, అమ్మాయి ఏడ్చింది కూడా. ఆ ఎరుపు ఇంట్లో కనిపిస్తే పరీక్షలో కనిపించదని చెప్పి ఆపకుండా రాయించాం.

రోజుకు అలాంటి గంటలు మూడు: ఎండ ముదరకముందు రెండు, సాయంత్రం ఒకటి. లక్ష్యం 21 పెట్టుకుంటే ఒక్క ప్రశ్న జారినా మునుగుతాం కాబట్టి 32 పెట్టాం. రెండు మార్కుల వాటిలో 14, నాలుగు మార్కుల వాటిలో 12, పెద్ద వాటిలో 6. అంటే మొదట అన్ని పాఠాల రెండు మార్కుల ప్రశ్నలు, తర్వాత ఆమెకు కాస్త పట్టున్న ఆరు పాఠాల నుంచి నాలుగు మార్కులవి, పెద్ద ప్రశ్నలకు తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు అన్న మూడు పాఠాలు మాత్రమే. ఆదివారం ఏ పాఠమూ పెట్టలేదు. తప్పిపోయిన గంటలు ఆదివారానికి వెళతాయి, అక్కడా పట్టకపోతే వదిలేయాలి. నిన్నటి బాకీ ఈరోజు నెత్తిన వేయడం మొదలైతే ఏ టైంటేబులైనా మూడో రోజుకు చిరుగుతుంది. చివరి పది రోజుల్లో మూడు పాత పేపర్లు, గడియారం పెట్టుకుని, మూడు గంటలు కదలకుండా, రెండు మార్కుల ప్రశ్నలతో మొదలుపెట్టి రాసింది. వాటిలో వరసగా 22, 27, 29 వచ్చాయి. అసలు పరీక్షలో 31 వచ్చాయి, అనుకున్న దానికి ఒకటి తక్కువ.

మీ బాబు లెక్క వేరుగా ఉండవచ్చు. చదవనివే ఎక్కువని తేలితే మొదటి రెండు వారాలు చదవడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి. 2024లోనూ 2025లోనూ ఫలితాలు ఏప్రిల్ నాలుగో వారంలో, సప్లిమెంటరీ పరీక్షలు మే నాలుగో వారంలో మొదలయ్యాయి, అంటే చేతిలో ఉండేది నెల రోజులే. అందుకే పరీక్ష ఫీజు, రీవెరిఫికేషన్ గడువులను కాలేజీలో రేపే కనుక్కోండి. రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తే జవాబుపత్రం స్కాన్ కాపీ కూడా ఇస్తారు, మార్కులు పెరగకపోయినా ఎక్కడ పోయాయో కళ్లతో చూసుకోవచ్చు. అది చేతికి వచ్చేదాకా చదువు ఆపవద్దు, ప్రశ్నపత్రం చాలు.

వాళ్ల నాన్నగారికి ఒక పని అప్పగించండి. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు రాసిన కాగితాలు ఎన్నో లెక్కపెట్టి, క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో వేయడం. ‘ఎన్ని గంటలు చదివినవ్’ అన్న ప్రశ్న, చుట్టాల పిల్లల మార్కుల ప్రస్తావన ఈ నెలంతా ఇంట్లో వద్దు. కోప్పడే తండ్రికి చేతిలో పని లేకపోవడమే సగం కారణమని నా ఓపీలో చాలాసార్లు చూశాను.

దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు మించి ఉంటే, తిండి బాగా తగ్గితే, స్నేహితులు పిలిచినా కదలకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది, చూపించండి. జ్ఞాపకశక్తికని అమ్మే టానిక్కులు కొనవద్దు. పరీక్ష వారంలో భయం తగ్గడానికని మందుల షాపులో అడిగి మాత్రలు అసలే తేవద్దు, వాటిలో కొన్ని మగతను, మతిమరుపును తెస్తాయి. వచ్చేటప్పుడు బాబు గుర్తులు పెట్టిన ప్రశ్నపత్రాన్ని, ఎర్ర సిరా కాగితాలను కూడా సంచీలో వేసుకుని రండి.