నాన్నగారికి చెవి మిషన్: 62 వేలదా, 2.85 లక్షలదా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, రిటైర్డ్ టీచర్, గుంటూరులో ఉంటారు. ఈఎన్‌టీ డాక్టర్ చూసి, వయసుతో వచ్చిన చెవుడే, మిషన్ పెట్టుకోమన్నారు. వినికిడి పరీక్ష గ్రాఫు, ఆడియోగ్రామ్ ఫొటో పంపుతున్నాను. ఒక చోట 8 చానెళ్ల జత 62,000, సెల్స్ మార్చుకునేది, ఏడాది వారంటీ. రెండో చోట 16 చానెళ్లు, చార్జింగ్‌ది, 1,30,000, మూడేళ్లు. మూడో చోట 48 చానెళ్లు, అదీ చార్జింగ్‌దే, 2,85,000, నాలుగేళ్లు. రెండో చోట మాత్రం చెవిలో సన్నటి గొట్టం పెట్టి గంటకు పైగా ఏదో కొలిచారు. ఆయన ఎక్కువగా ఇంట్లోనే, టీవీ, మనవరాలితో ఫోను, అప్పుడప్పుడూ గుడి. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండో షాపుకే వెళ్లండి, కానీ 1,30,000 ది వెంటనే తీసుకోకండి, అదే కంపెనీలో దానికి ఒకటో రెండో మెట్లు కింది మోడల్ ఎంతో అడగండి. ఎందుకో చెప్తాను.

ముందు చానెళ్ల సంగతి. వినిపించే శబ్దాన్ని మిషన్ సన్న శబ్దాలు, బొంగురు శబ్దాలు అంటూ ముక్కలు చేసి, ఏ ముక్కను ఎంత పెంచాలో విడివిడిగా చూసుకుంటుంది, ఆ ముక్కే చానెల్. ఒకే కంపెనీ మోడళ్లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఈ సంఖ్య కాస్త పనికొస్తుంది. ఫోనాక్ లూమిటీనే తీసుకుంటే ఎల్30 కి 8, ఎల్50 కి 12, ఎల్70 కి 16, ఎల్90 కి 20 చానెళ్లు. కంపెనీ మారితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. సిగ్నియాలో పై మోడల్‌కి 48 ఉంటే, వైడెక్స్ మొమెంట్ పై మోడల్‌కి 15 ఉంటాయి. అంతమాత్రాన సిగ్నియా మూడు రెట్లు బాగా వినిపిస్తుందని కాదు, శబ్దాన్ని ముక్కలు చేసే పద్ధతే ఒక్కొక్కరిదీ ఒక్కో రకం.

నాన్నగారి ఆడియోగ్రామ్ చూశాను. 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, అక్కణ్ణుంచి గీత మెల్లగా దిగుతూ 4000 దగ్గర 65, ఈ అంకె ఎంత పెరిగితే వినికిడి అంత తగ్గినట్టు. ఎక్కడా ఉన్నట్టుండి గుంట లేదు, మెట్లు దిగినట్టు ఉంది. ఇలాంటి వినికిడికి తగ్గట్టు శబ్దం పెంచడానికి 8 చానెళ్లు చాలు. ఆయనకు అచ్చులు బాగానే వినపడుతుంటాయి, ఇబ్బంది అంతా హల్లులతోనే. అమ్మగారు "చారు పోయనా" అంటే "కారా? ఎవరొచ్చారు?" అని అడుగుతున్నారా? 'చ', 'స' లాంటి అక్షరాల్లో ఉండే సన్నటి ఈల లాంటి శబ్దం పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది, అది అందకపోతే 'ఆరు' ఒక్కటే చెవిన పడుతుంది, మిగతాది ఆయన ఊహించుకోవాలి.

మరి లక్షన్నర అదనంగా ఇస్తే వచ్చేదేంటి? లోపలి చిప్పు చాలావరకు అదే. ఒక కంపెనీ ఒక తరం చిప్పు తీసుకుని, కొన్ని సౌకర్యాలు మూసేసి కింది మెట్టు, అన్నీ తెరిచి పై మెట్టు అమ్ముతుంది. పై మెట్టులో ముఖ్యంగా వచ్చేది రొదలో మాట పట్టుకునే పని: పెళ్లిలో, హోటల్లో, నలుగురు ఒకేసారి మాట్లాడే మీటింగులో ఎదుటి మనిషి గొంతు వైపు మైకులు తిప్పుకోవడం, చుట్టూ ఉన్న గోల తగ్గించడం. ఇంకా ఆఫీసుకు వెళ్లే మనిషికైతే ఆ డబ్బు పెట్టమనే అంటాను. మీ నాన్నగారి విషయంలో ఇంకో సంగతుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో వినికిడి ఇంకా బాగుంది కాబట్టి ఆయన చెవిలో పెట్టే రబ్బరు టోపీ, అంటే డోమ్, రంధ్రాలున్నది పెట్టాలి. మూసి ఉన్నది పెడితే తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు మోగుతుంది. రంధ్రాలున్నది పెడితే ఫ్యాను హోరు, బండ్ల రొద ఆ రంధ్రాల్లోంచి నేరుగా చెవిలోకి వచ్చేస్తాయి, ఎంత ఖరీదైన మిషనైనా వాటిని ఆపలేదు. అంటే 2,85,000 లో పెద్ద భాగం ఏ పని కోసం ఇస్తున్నారో, ఆ పని ఆయన చెవిలో సగమే జరుగుతుంది.

ఇక ఆ సన్న గొట్టం. దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. కర్ణభేరి దగ్గరిదాకా గొట్టం పెట్టి, మిషన్ తగిలించి, ఎదురుగా స్పీకర్లో మాటలు వినిపిస్తూ, లోపలికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. స్క్రీన్ మీద ఒక గీత ఆయనకు కావాల్సింది, అది ఎక్కువగా ఆస్ట్రేలియాలో తయారైన ఎన్‌ఏఎల్ ఫార్ములా ప్రకారం వస్తుంది. ఇంకో గీత మిషన్ ఇస్తున్నది. రెండూ దాదాపు 5 డెసిబెల్స్ తేడాలో నడవాలి. మిగతా చోట్ల చేసేది, ఆడియోగ్రామ్ అంకెలు కంప్యూటర్లో కొట్టి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సెట్టింగ్ యథాతథంగా ఎక్కించి, "వినపడుతోందా?" అని అడగడం. చెవి రంధ్రం ఒక్కొక్కరిది ఒక్కో సైజు, అందుకే ఆ సెట్టింగ్ తరచూ తప్పుతుంది, అదీ పై ఫ్రీక్వెన్సీల్లో తక్కువ ఇచ్చే వైపే.

మా అమ్మకు మొదటి జత అలాగే కొన్నాం. మోత తప్ప మాట తెలియట్లేదని తీసి డబ్బాలో పెట్టేసింది, ఎనిమిది నెలలు అలాగే ఉంది. ఊరు మారాక ఇంకో ఆడియాలజిస్టు దగ్గర కొలిపిస్తే 3000 హెర్ట్జ్ దగ్గర రావాల్సినదాని కంటే 14 డెసిబెల్స్ తక్కువ వస్తోంది. సెట్టింగ్ మార్చారు, మిషన్ అదే. ఆ రోజు ఇంటికొచ్చాక కుక్కర్ ఆవిరి సన్నగా చిమ్మడం విని, ఏంటా చప్పుడని వంటింట్లోకి వెళ్లి చూసింది. ఆ ఎనిమిది నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ధర పోల్చేటప్పుడు అయిదేళ్లకు లెక్కేయండి. 62,000 దానికి 312 సైజు సెల్ అనుకుందాం, ఒక్కోటి దాదాపు వారం వస్తుంది, రెండు చెవులకూ కలిపి ఏడాదికి వంద దాటుతాయి. సెల్ 40 రూపాయలనుకున్నా అయిదేళ్లకు 20,000. వారంటీ ఏడాదే కాబట్టి ఆ తర్వాత నాలుగేళ్ల సర్వీసు, ఒకసారి చెవిలో ఉండే చిన్న స్పీకర్ల, అంటే రిసీవర్ల మార్పు మీవే, అవి ఇంకో 20,000 అనుకోండి. 62 వేలది లక్ష దాటింది. 1,30,000 దానికి సెల్స్ లేవు, మూడేళ్లు సర్వీసు అందులోనే అన్నారంటే, పైన 17,000 దాకా వేసుకుంటే 1,47,000. మొదట 68,000 కనిపించిన తేడా 45,000 అయింది. అదే షాపులో కింది మోడల్ లక్ష లోపు దొరికితే, గొట్టం కొలతతో సహా, మీకు కావాల్సింది అదే. అందులోనూ చార్జింగ్‌ది ఉందేమో అడగండి, వేళ్లు వణికే వయసులో ఆ చిన్న సెల్ మార్చడం కష్టం.

డబ్బు కట్టే ముందు వారంటీలో రిసీవర్ ఉందా అని విడిగా అడగండి. చెవిలో ఉండే ఆ చిన్న స్పీకరే గులిమికీ చెమటకూ ముందు పాడయ్యేది, కొందరు దాన్ని వారంటీలోంచి తీసేస్తారు. వారంటీ కంపెనీదా, షాపుదా? షాపుదైతే వాళ్లు మూసేస్తే అంతే. ఇంకో ఊళ్లో, ఇంకో ఆడియాలజిస్టు దగ్గర సెట్టింగ్ మార్పించుకోవచ్చా, లేక వాళ్ల సాఫ్ట్‌వేర్‌కే లాక్ చేశారా అనేది కూడా తేల్చుకోండి. వారం రోజులు ఇంట్లో ట్రయల్ ఇమ్మనండి, గొట్టం కొలతలో వచ్చిన ఆ గీతల ప్రింటవుట్ తీసుకోండి. బిల్లులో రెండు సీరియల్ నంబర్లు రాయించి, మిషన్ల మీద సన్న అక్షరాల్లో ఉన్నవి అవేనా కాదా అని అక్కడే ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూసుకోండి.