WO అనే రెండక్షరాలు చెప్పేదెంత?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివాను. పేటెంట్ అనలిస్ట్ ఉద్యోగ పరీక్షలో, WO తో మొదలయ్యే సంఖ్య ప్రపంచమంతటా చెల్లే పేటెంటుది అని రాస్తే తప్పన్నారు. మరి ఆ అక్షరాలకు అర్థమేమిటి సార్?

జవాబు: ప్రచురణ సంఖ్యకు ముందుండే రెండక్షరాలు ఆ పత్రాన్ని ప్రచురించిన కార్యాలయం ఏదో మాత్రమే చెబుతాయి. US అంటే అమెరికా పేటెంట్ కార్యాలయం, IN అంటే భారత కార్యాలయం. EP, WO మాత్రం దేశాలు కావు. EP ఐరోపా పేటెంట్ కార్యాలయానిది, WO ప్రపంచ మేధా సంపత్తి సంస్థ అంతర్జాతీయ బ్యూరోది. ఈ బ్యూరో పీసీటీ అనే అంతర్జాతీయ పేటెంట్ సహకార ఒప్పందం కింద వచ్చిన దరఖాస్తులను ప్రచురిస్తుందే తప్ప పేటెంటు మంజూరు చేయదు కాబట్టి, ప్రపంచ పేటెంటు అనేదే లేదు.

మీ సబ్జెక్టులోని, జన్యువులను సవరించే క్రిస్పర్‌నే తీసుకుందాం. కాలిఫోర్నియా, వియన్నా విశ్వవిద్యాలయాలు, శాస్త్రవేత్త ఎమాన్యుయెల్ షార్పెంటియే కలిసి 2013 మార్చిలో వేసిన అంతర్జాతీయ దరఖాస్తు సంఖ్య PCT/US2013/032589. ఇందులోని US దరఖాస్తును స్వీకరించిన కార్యాలయాన్ని సూచిస్తుంది. అదే దరఖాస్తు 2013 నవంబరు 28న WO 2013/176772 A1 గా ప్రచురితమైంది. దీనికి ఆధారమైన తొలి దరఖాస్తు 2012 మే 25న వేసినది కనుక, అప్పటి నుంచి లెక్కించే 18 నెలల గడువు ముగియగానే ఈ ప్రచురణ జరిగిందన్నమాట. ఎక్కడ దాఖలైందో తెలియాలంటే WO సంఖ్యను కాక, మొదటి పేజీలోని దరఖాస్తు సంఖ్యను చూడాలి. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఆ దరఖాస్తు ఐరోపాలో EP 2800811 గా ముందుకు సాగింది. EP 2800811 A1 తెరిస్తే పాఠం కనిపించకపోతే కంగారు పడకండి. పీసీటీ ప్రచురణ ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఒకదానిలో ఉంటే ఐరోపా కార్యాలయం దాన్ని మళ్లీ అచ్చు వేయదు, WO పత్రాన్నే చదువుకోవాలి.

మంజూరైందా లేదా అన్నది తెలిసేది చివరనున్న అక్షరం వల్ల. EP లో A1 దరఖాస్తు, B1 మంజూరైన పేటెంటు. అమెరికాలో 2001కి ముందు మంజూరైన పేటెంట్లకు A గుర్తు ఉండేది కాబట్టి, పాత US పత్రాన్ని చూసి అది ఉత్త దరఖాస్తని తీర్మానించడం పెద్ద పొరపాటు. B1 ఉన్నా ఆ హక్కు నేడు ఏయే దేశాల్లో సజీవంగా ఉందో సంఖ్య చెప్పదు. రుసుము కట్టక లేదా రద్దయి అది ముగిసిపోయి ఉండవచ్చు. అందుకే నివేదికలో “WO ప్రచురణ ఉంది” అన్న వాక్యం పక్కన, మీ క్లయింటు అమ్మదలచిన ప్రతి దేశపు రిజిస్టరులో ఏం కనిపించిందో, ఏ తేదీన చూశారో విడిగా రాయండి.