అఫిడవిట్ అనువాదంలో 'విన్నాను' అన్నది 'జరిగింది' కాకూడదు

ప్రశ్న: స్థల వివాదంలో మా మామయ్య తెలుగులో అఫిడవిట్ ఇచ్చారు. హైకోర్టులో దాఖలు చేయడానికి దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పని మా వకీలుగారు నాకు అప్పగించారు. అందులో చాలా చోట్ల 'నాకు గుర్తున్నంతవరకు', 'అని విన్నాను', 'అట' అని ఉంది. ఇవి కేసును బలహీనపరుస్తాయి కదా, తీసేసి సూటిగా రాయవచ్చా? 'సదరు', 'దైవసాక్షిగా' లాంటి పాత మాటలను కూడా ఉంచాలా?

జవాబు: తీసేయకూడదు. ఆ మాటలు కేసును బలహీనపరుస్తాయన్న మీ ఊహ కూడా చాలా సందర్భాల్లో సరి కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 19వ ఆర్డరు 3వ రూలు ప్రకారం అఫిడవిట్‌లో డిపోనెంటు, అంటే ప్రమాణం చేసిన వ్యక్తి, తన సొంత ఎరుకతో రుజువు చేయగల విషయాలనే చెప్పాలి. మధ్యంతర దరఖాస్తుల విషయంలో మాత్రం తన నమ్మకాన్ని కూడా చెప్పవచ్చు కానీ, ఆ నమ్మకానికి ఆధారమేమిటో అక్కడే తెలపాలి. కాబట్టి 'ఫలానావారు చెప్పగా విన్నాను' అన్న మాటలో విన్న సంగతి ఎంత ముఖ్యమో, ఎవరి ద్వారా విన్నారన్నదీ అంతే ముఖ్యం. ఆ రెంటినీ కొట్టేసి సంఘటనను మాత్రం మిగిలిస్తే, చట్టం అనుమతించిన ఒక వాక్యాన్ని తీసేసి, మీ మామయ్య ప్రమాణం చేయని మరో వాక్యాన్ని ఆయన నోట పెట్టినట్లవుతుంది.

ఒక పేరాను ఊహించి చూద్దాం. "సదరు గోడను 2వ ప్రతివాది 2019వ సంవత్సరంలో కట్టినాడని మా అన్న చెప్పగా విన్నాను. ఆ కాలమున నేను ఊరిలో లేను. నాకు గుర్తున్నంతవరకు అంతకు ముందు అచ్చట గోడ లేదు. ప్రతివాది వద్ద ఏవో కాగితములు ఉన్నవట." దీన్ని 'ప్రతివాది 2019లో గోడ కట్టాడు, అంతకు ముందు గోడ లేదు, అతని వద్ద పత్రాలున్నాయి' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాస్తే చదవడానికి చక్కగానే ఉంటుంది. కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు అనుమతి దొరికితే ఎదుటి వకీలు అడిగే మొదటి ప్రశ్న "గోడ కడుతుండగా మీరు చూశారా?" అన్నదే. మీ మామయ్య లేదనక తప్పదు. తెలుగులో నిజమే చెప్పిన మనిషి ఇంగ్లీషు ప్రతి వల్ల అబద్ధమాడినవాడిలా నిలబడతాడు. పైగా ఆ చివరి వాక్యం ప్రతివాది చేతికి పత్రాలున్నాయన్న ఒప్పుకోలును ఉచితంగా ఇచ్చేస్తుంది.

నమ్మకంగా రాయాలంటే మొదటి వాక్యాన్ని 'ఐ హావ్ హర్డ్ ఫ్రమ్ మై ఎల్డర్ బ్రదర్ దట్' అని మొదలుపెట్టాలి. అన్నను ఉత్త 'బ్రదర్' చేయకండి, ఎందుకంటే తమ్ముడు కూడా ఉంటే సమాచారం ఎవరిచ్చారన్నది తేలకుండా పోతుంది. 'ఊరిలో లేను' అన్న వాక్యం విన్నమాటకు కారణం చెబుతోంది గనుక దాన్ని దాని స్థానంలోనే ఉంచాలి. 'గుర్తున్నంతవరకు' అన్నచోట అలవాటుగా కలం 'టు ది బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్' వైపు వెళ్తుంది, కానీ డిపోనెంటు చెబుతున్నది ఎరుకకున్న హద్దు గురించి కాదు, జ్ఞాపకానికున్న హద్దు గురించి. అక్కడ 'రికలెక్షన్' అనే మాటే తగినది.

అన్నిటికంటే చిక్కు పెట్టేది చివరి 'అట'. మన భాషలో ఒక్క అక్షరంతో 'ఇది నేను చూసింది కాదు, చెప్పుకోగా తెలిసింది' అని తేల్చేస్తాం. ఇంగ్లీషు క్రియలో ఆ సౌకర్యం లేదు కాబట్టి 'ఇట్ ఈజ్ సెడ్ దట్' అని విడిగా ఒక ముక్క చేర్చవలసిందే. ఇక్కడ రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. ఒకటి 'అలెజ్డ్‌లీ' అని రాయడం. కోర్టు భాషలో ఆ మాటకు 'అలా ఆరోపిస్తున్నారు, మేం ఒప్పుకోవడం లేదు' అన్న ఛాయ వస్తుంది, డిపోనెంటు మాత్రం ఒప్పుకోలూ చెప్పలేదు, నిరాకరణా చెప్పలేదు. రెండోది, పై వాక్యంలో అన్న ప్రస్తావన ఉంది కదా అని ఈ వాక్యానికి కూడా అన్ననే ఆధారంగా తగిలించడం. తెలుగులో ఎవరు చెప్పారో లేకపోతే ఇంగ్లీషులోనూ ఉండకూడదు. ఆ లోటు వకీలుగారి దృష్టికి తీసుకువెళ్లండి, అవసరమనుకుంటే ఆయన అదనపు అఫిడవిట్ వేయిస్తారు. అనువాదకుడు పూరించే ఖాళీ కాదది.

వ్యతిరేక వాక్యాల్లో మరింత నిదానం కావాలి. 'ఆయన సంతకం చేసినట్లు నాకు తెలియదు' అన్నదానికీ 'ఆయన సంతకం చేయలేదని నాకు తెలుసు' అన్నదానికీ మధ్య ఒక కేసు గెలుపోటములంత దూరం ఉంది, అయినా తొందరలో రెండూ ఇంగ్లీషులో 'సంతకం చేయలేదు' అయిపోతుంటాయి. పొరపాటు ఎదురు దిశలోనూ జరుగుతుంది. 'నేను చూచితిని' అని ఖండితంగా ఉన్నచోట మర్యాద కోసం 'ఐ బిలీవ్' చేరిస్తే మీ మామయ్య ప్రత్యక్ష సాక్ష్యాన్ని మీరే ఊహగా దిగజార్చినట్లు.

ఇక పాత మాటల సంగతి. 'సదరు' అన్నది అలంకారం కాదు, వెనక వర్ణించిన ఫలానా గోడే ఇదని చూపే గుర్తు. దానికి 'ది సెడ్' అని ఒకసారి రాస్తే చివరిదాకా అదే రాయాలి, మధ్యలో మాట మార్చితే గోడలు రెండా అన్న సందేహం వస్తుంది. 'దైవసాక్షిగా' అన్నదానికి చట్టపరమైన బరువు ఉంది. 1969 నాటి ప్రమాణాల చట్టం దేవుని పేరిట ప్రమాణం చేయడానికీ, దేవుని ప్రస్తావన లేకుండా నిష్ఠాపూర్వకంగా ధృవీకరించడానికీ వీలు కల్పించింది, రెండిట్లో ఏది చేయాలన్నది డిపోనెంటు ఇష్టం. టైపింగు సెంటర్లలో వాడే ఇంగ్లీషు నమూనాలో 'సాలెమ్‌లీ అఫర్మ్' అని ముందే ఉంటుంది. మీ మామయ్య దైవసాక్షిగా చేసి ఉంటే ఆ నమూనాను అలాగే దించేయకుండా 'స్వేర్ ఇన్ ది నేమ్ ఆఫ్ గాడ్' అన్న అర్థాన్ని నిలబెట్టండి.

అఫిడవిట్ అడుగున ఉండే వెరిఫికేషన్‌ను చాలామంది చూసీ చూడనట్లు దాటేస్తారు, నా దృష్టిలో అసలు జాగ్రత్త అక్కడే అవసరం. '1 నుండి 4 పేరాలు నా స్వంత ఎరుకలోనివి, 5, 6 పేరాలు ఇతరుల ద్వారా తెలిసి నిజమని నమ్మినవి' అని అక్కడ ఉంటే, ఇంగ్లీషులో పేరాలను కలపడానికి గానీ విడగొట్టడానికి గానీ వీల్లేదు. బాగుంటుందని 4, 5 పేరాలను కలిపేస్తే విన్నమాట కాస్తా స్వంత ఎరుకలోకి జారిపోతుంది. నిజంగా తాను నమ్మనిదాన్ని నమ్ముతున్నానని ప్రమాణం చేయడం కూడా భారతీయ న్యాయ సంహిత 227వ సెక్షన్ కింద తప్పుడు సాక్ష్యమే అవుతుంది గనుక, ఎరుకకూ నమ్మకానికీ మధ్య ఉన్న గీతను అనువాదంలో చెరపకూడదు. ఆ కిందనే 'చదివి వినిపించగా సరిగా ఉన్నవని ఒప్పుకొని వేలిముద్ర వేసినారు' వంటి వాక్యం ఉంటే దాన్నీ పూర్తిగా రాయాలి. ముద్రలు, కొట్టివేతలు, పక్కన పెట్టిన పొట్టి సంతకాలు ఎక్కడున్నాయో చదరపు బ్రాకెట్లలో తెలపాలి. ఒక పేరాలో 2018, మరో పేరాలో 2019 అని ఉంటే రెండూ అలాగే ఉంచి, మూలంలోనే అలా ఉందని బ్రాకెట్లో సూచించాలి.

పని మొదలుపెట్టే ముందు తెలుగు ప్రతి జిరాక్సు తీసుకుని ప్రతి వాక్యం పక్కన 'చూసింది', 'విన్నది', 'అనుకున్నది', 'గుర్తున్నది' అని పెన్సిలుతో రాసుకోండి. పూర్తయ్యాక తెలుగు చూడని మరొకరికి ఇంగ్లీషు ప్రతి ఇచ్చి అవే గుర్తులు పెట్టమనండి. రెండు వరసలు ఎక్కడ కలవకపోతే అక్కడ మీ వాక్యాన్ని సరిదిద్దాలి. చివర ఇది మూలానికి నిజమైన అనువాదమని మీ పేరు, తేదీతో ధృవీకరణ రాసి, తెలుగు మూలం నకలును జతచేయమని వకీలుగారికి చెప్పండి. ఇంగ్లీషు ప్రతి మీద మాత్రం మీ మామయ్య చేత డిపోనెంటుగా సంతకం చేయించకండి. ఆయన ప్రమాణం చేసింది తెలుగు ప్రతి మీదే.