కాంట్రాక్టర్‌కు కోపంతో రాసిన మెయిల్‌ను ఎలా మార్చాలి?

ప్రశ్న: టైల్స్ పని నాసిరకంగా చేసిన కాంట్రాక్టర్‌కు కోపంతో మెయిల్ రాశాను, ఇంకా పంపలేదు. మర్యాద తప్పకుండా, గట్టిగా ఎలా మార్చాలి?

జవాబు: రాయగడలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ అలాంటిదే రాశాను. "చేతకాని మేస్త్రీలను పంపి మమ్మల్ని మోసం చేశారు" అని మొదలవుతుంది. పర్లాకిమిడిలో ఇళ్ల నిర్మాణం చూసుకునే మా బావగారు అది చదివి, "ఇందులో ఆయన కాదనలేని మాట ఒక్కటైనా ఉందా?" అని అడిగారు. లేదు.

అందుకని ముందు పనిని పరీక్షించాము. హాలులో ప్రతి టైల్‌నూ కర్ర పిడితో తట్టి, బోలుగా మోగినవాటిపై సుద్దతో గుర్తు పెట్టాము. 80లో 14 తేలాయి. బోలు శబ్దం వస్తే అడుగున సిమెంటు అంతటా పట్టలేదని అర్థం. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు కాబట్టి, ఉత్త సిమెంటు పాలతో అతికిస్తే పట్టు సరిగా దొరకదు. బరువు పడితే మూల విరుగుతుంది. ఒక అంచున కొద్దిగా మాత్రమే మోగినవాటిని లెక్కలోకి తీసుకోలేదు. అవీ కలిపితే మిగతా లెక్కనూ ఆయన నమ్మరు.

స్నానాలగదిలో బకెట్ నీళ్లు పోశాము. అరగంట తరువాత కూడా తూర్పు మూల నీరు నిలిచే ఉంది. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం ఉండాలి. రసమట్టం పెట్టి చూస్తే అక్కడ నేల దాదాపు సమంగా ఉంది.

కాంట్రాక్టర్ ఒడియా ఆయన, తెలుగు మాట్లాడతారు గానీ చదవరు. అందుకే ఇంగ్లీషులో పంపాను. దాని సారం ఇది:

"నమస్కారం. మీరు అప్పగించిన పనిని 9వ తేదీన పరిశీలించాము. హాలులో 80 టైల్స్‌లో 14 బోలుగా మోగుతున్నాయి. స్నానాలగది తూర్పు మూల నీరు నిలుస్తోంది, జాలీ వైపు వాటం లేదు. ఫోటోలు, వీడియో జతచేశాను. ఆ 14 టైల్స్ తీసి, అడుగంతా అడ్హెసివ్ పరిచి మళ్లీ వేయండి. స్నానాలగది నేల వాటం సరిచేయండి. 14వ తేదీలోగా కలిసి చూసేందుకు ఒక రోజు చెప్పండి. పని సరిచేసిన రోజే మిగిలిన 18,000 రూపాయలు ఇస్తాను."

తప్పు ఎవరిదో అందులో ఎక్కడా రాయలేదు. అదే మేలు చేసింది. ఆయన వచ్చి, నా ముందే ఒక టైల్ లేపించారు. అడుగున అయిదు ముద్దల సిమెంటు తప్ప మిగతాదంతా ఖాళీ. హాలు సంగతి వెంటనే ఒప్పుకున్నారు. స్నానాలగది జాలీని మాత్రం నేను పెట్టుకున్న ప్లంబరే ఎత్తుగా బిగించాడన్నారు. కొలిచి చూస్తే అది నిజమే. చివరికి కూలి ఆయన భరించారు, జాలీ దించే ఖర్చు, కొత్త టైల్స్ నేను పెట్టుకున్నాను.

మీ మెయిల్‌లో ఇంకొక వాక్యం చేర్చండి: మీ దగ్గర మిగిలిన టైల్స్ ఎన్ని, పెట్టె మీద ఉన్న బ్యాచ్ నంబరు ఎంత. అదే డిజైన్ అయినా వేరే బ్యాచ్‌లో రంగు తేడా రావచ్చు. పగలగొట్టక ముందే ఆ సంగతి తేల్చుకోవాలి.