సిద్ధార్థి మాఘ అమావాస్య అంటే ఇంగ్లీషు తేదీ ఎంత?

*శ్రీకాకుళంలో మా ఇంటి పాత పంచాంగం అట్ట మీద తాతయ్య రాత: "సిద్ధార్థి, మాఘ బహుళ అమావాస్య, శనివారం ఉదయం అమ్మాయి పుట్టింది". అది మా అమ్మ. ఇంగ్లీషు తేదీ ఏది?*

1980 ఫిబ్రవరి 16.

తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడితే సిద్ధార్థి 1979 ఉగాదికి వస్తుంది. అంతకు ముందుది 1919, మీ అమ్మగారికి అది కుదరదు. చాలామంది ఇక్కడే 1979 అని రాసేస్తారు. మాఘం ఉగాదికి ముందు రెండో నెల కాబట్టి అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది.

1980 ఉగాది మార్చి 17న. దానికి ముందురోజు ఫాల్గుణ అమావాస్య, ఇంకో నెల వెనక మాఘ అమావాస్య: ఫిబ్రవరి 16, శనివారమే. వారం కలవకపోతే లెక్క తప్పినట్టే. ఆ మధ్యాహ్నం తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. "గ్రహణం రోజు పుట్టింది" అని ఇంట్లో ఎవరైనా అంటే ఇక అనుమానమే లేదు.

ఒక్క మెలిక. పంచాంగంలో వారం సూర్యోదయానికి మారుతుంది. "శనివారం తెల్లవారుజాము" అని రాసి ఉంటే అది ఆదివారం తేదీ కావచ్చు. ఇక్కడ ఉదయం అన్నారు కాబట్టి ఆ పేచీ లేదు.