రీట్ ఇచ్చే 6 శాతంలో అద్దె ఎంత, అసలు ఎంత?

ప్రశ్న: నా దగ్గర 5 లక్షలు ఉన్నాయి. ఫ్లాట్, దాని ఈఎంఐ, అద్దెవాళ్ల టెన్షన్ నాకొద్దు. రీట్‌లో పెడితే ఏడాదికి 6 శాతం దాకా వస్తుందంటున్నారు. అదంతా అద్దేనా? పన్ను పడుతుందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అంతా అద్దె లాంటి ఆదాయం కాదమ్మా. మీరు అడిగింది చాలా అవసరమైన ప్రశ్న, ఎందుకంటే చాలామంది ఆ శాతం చూసే కొనేస్తున్నారు.

రీట్ అంటే చాలామంది మదుపుదారుల డబ్బుతో అద్దె వచ్చే భవనాలు కొని, వచ్చిన ఆదాయాన్ని వాళ్లకు పంచే ట్రస్టు. దాంట్లో మీ వాటానే యూనిట్ అంటారు. మన దేశంలో లిస్టయిన పెద్ద రీట్‌లు కొనేది ఫ్లాట్లు కాదు, ఆఫీసులూ మాల్సూ. హైదరాబాద్ మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ క్యాంపస్‌లో చాలా భాగం అలా ఒక రీట్ కిందే ఉంది. సెబీ నిబంధన ప్రకారం ఆస్తుల విలువలో కనీసం 80 శాతం కట్టడం పూర్తయి అద్దె తెచ్చేవై ఉండాలి. పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం పంచాలి. డీమ్యాట్ ఖాతా ఉంటే షేరులాగే ఒక్క యూనిట్ అయినా కొనుక్కోవచ్చు.

ఇక లెక్క చూద్దాం. యూనిట్ 400 రూపాయలనుకుంటే మీకు 1,250 యూనిట్లు వస్తాయి. ఏడాదికి యూనిట్‌కు 24 రూపాయలు పంచారనుకుందాం. అంటే 30,000, సరిగ్గా 6 శాతం. అందులో 10 రూపాయలు డివిడెండ్, 6 వడ్డీ, 8 'రుణ చెల్లింపు' అనుకోండి. రీట్ కింద ఉండి భవనాలను సొంతం చేసుకున్న కంపెనీలు తక్కువ రేటు పన్ను విధానం ఎంచుకోకపోతే డివిడెండ్‌పై మీకు పన్ను ఉండదు. ఎంచుకుంటే ఉంటుంది. వడ్డీపై మీ శ్లాబు ప్రకారం కట్టాలి, 10 శాతం టీడీఎస్ ముందే కోస్తారు.

ఆ మిగిలిన 8 రూపాయలే జాగ్రత్తగా చూడాలి. రీట్ తన కంపెనీలకు అప్పుగా ఇచ్చిన డబ్బులో అసలు తిరిగి వస్తే, దాన్ని మీకు పంచుతుంది. చేతికందినప్పుడు మామూలుగా దానిపై పన్ను ఉండదు కానీ, మీ కొనుగోలు ధర 400 నుంచి 392కి తగ్గినట్టు లెక్క. ఐదేళ్లు ఇలాగే వస్తే అది 360 అవుతుంది. అప్పుడు 400కే అమ్మినా యూనిట్‌కు 40 చొప్పున 50,000 లాభం చూపాలి. ఏడాది దాటాక అమ్మితే, మీ షేర్లు, ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభంతో కలిపి ఏడాదిలో 1.25 లక్షలు మించిన భాగానికే 12.5 శాతం పన్ను. ప్రతి పంపిణీతో వచ్చే పత్రంలో ఈ విభజన ఉంటుంది, దాచుకోండి.

ధర కూడా పెరిగి తీరాలనేమీ లేదు. దేశంలో మొదటి రీట్ ఎంబసీ 2019లో 300 రూపాయలకు వచ్చింది. 2023లోనూ దాదాపు ఆ ధర దగ్గరే తిరిగింది. కొనేముందు ఎంత స్థలం ఖాళీగా ఉంది, పెద్ద లీజులు ఎప్పుడు ముగుస్తున్నాయి, ఆస్తి విలువలో అప్పు ఎంత అన్నవి చూడండి.

ఈ డబ్బు మూడు, నాలుగేళ్లలో అవసరమైతే రీట్‌లో పెట్టొద్దు. ఐదేళ్లకు పైగా ఆగగలిగితే ముందు లక్షన్నర వరకు పెట్టి, మిగతాది డిపాజిట్‌లో ఉంచండి. ఏడాదిపాటు పంపిణీ పత్రాలు చూశాక పెంచాలో వద్దో తేల్చుకోండి.